రంగుల గడుల పట్టికకు ‘స్థాయి’ కాలమ్: వాతావరణ హెచ్చరిక చిత్రాన్ని అర్థం పోకుండా అక్షరాల్లోకి మార్చడం ఎలా

వానలు ముదిరిన రోజుల్లో మన ఫోన్లలో ఎక్కువగా తిరిగే బొమ్మల్లో వాతావరణ శాఖ జిల్లాలవారీ హెచ్చరికల పట్టిక ఒకటి. ఎడమవైపు జిల్లాల పేర్లు, పైన రోజులు, మధ్యలో రంగు పూసిన గడులు ఉంటాయి. చూడగానే ఎక్కడ రెడ్, ఎక్కడ ఆరెంజ్ అని తెలిసిపోతుంది. అదే పట్టికను ఎస్సెమ్మెస్‌లోకో, వాట్సాప్ సందేశంలోకో, ఈమెయిల్‌లోకో అక్షరాలుగా దించితే రంగు పోతుంది. ‘భారీ వర్షం’ అన్న మాట మిగులుతుంది. అది జాగ్రత్తగా గమనించమనే భారీ వర్షమా, సామాన్లు సర్దుకోమనే భారీ వర్షమా అన్నది మిగలదు.

చూపు లేనివారికి ఫోన్ చదివి వినిపించేది అక్షరాలనే. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని కళ్లకు రంగుల పట్టిక సగమే అందుతుంది. పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించే నలుపు తెలుపు జిరాక్స్‌లో ఇంకో ప్రమాదం ఉంది. ఎక్సెల్‌లో మామూలుగా వాడే రంగులను నలుపు తెలుపులోకి మార్చే లెక్క వేస్తే (0 అంటే నలుపు, 255 అంటే తెలుపు) ఎరుపు 76 దగ్గర ముదురుగా కనిపిస్తుంది. ఆరెంజ్ 189, లేత ఆకుపచ్చ 175 దగ్గర పడతాయి. అంటే ‘సిద్ధంగా ఉండాలి’ అన్న గడి, ‘హెచ్చరిక ఏమీ లేదు’ అన్న గడి కాగితం మీద దాదాపు ఒకే బూడిద రంగులో ఉంటాయి.

అందుకే రంగు చెప్పే విషయాన్ని మాటగా మార్చి, పట్టికలో విడిగా ఒక కాలమ్‌లో రాసిపెట్టాలి. దాన్ని ఇక్కడ ‘స్థాయి’ కాలమ్ అందాం. హెచ్చరికల పట్టికను ఉదాహరణగా తీసుకుని ఆ పని మొదటినుంచి చివరిదాకా చూద్దాం.

బొమ్మతో మొదలుపెట్టే ముందు అసలు ఫైలు అడగండి

పట్టిక తయారుచేసినవాళ్లు మీకు తెలిసినవాళ్లైతే ముందు ఎక్సెల్ ఫైలు అడగండి. అది దొరికితే శ్రమ చాలా తగ్గుతుంది. ఖాళీ కాలమ్ ఒకటి చేర్చండి. రంగులున్న కాలమ్‌కు ఫిల్టర్ పెట్టి `Filter by Color` ఎంచుకుంటే ఒక్కో రంగు వరుసలే విడిగా కనిపిస్తాయి. వాటి ఎదురుగా స్థాయి రాసి, తర్వాతి రంగుకు వెళ్లొచ్చు. ఒక్కోసారి ఆ రంగులు చేత్తో పూసినవి కాకుండా షరతుల ప్రకారం వాటంతటవే పడినవై ఉంటాయి. `Conditional Formatting` లోని `Manage Rules` తెరిస్తే ఏ అంకెకు ఏ రంగో అక్కడే రాసి ఉంటుంది. అప్పుడు రంగు చూసి ఊహించాల్సిన పనే లేదు.

ఎక్సెల్ దొరక్కపోయినా పీడీఎఫ్ దొరకొచ్చు. దాన్ని బాగా పెద్దది చేసి స్క్రీన్‌షాట్ తీసుకుంటే వాట్సాప్‌లో పది చేతులు మారిన బొమ్మ కంటే రంగులు చాలా శుభ్రంగా ఉంటాయి. ఇవేవీ లేనప్పుడే బొమ్మతో పని.

వాట్సాప్ బొమ్మ విషయంలో ఒకటి గుర్తుంచుకోవాలి. ఫొటోగా పంపితే అది బొమ్మను కుదిస్తుంది. ఆ కుదింపులో వెలుగు నీడల వివరం చాలావరకు నిలుస్తుంది కానీ రంగు వివరం ఎక్కువగా తగ్గుతుంది. గడుల అంచుల్లో, అక్షరాల చుట్టూ ఒక రంగు పక్క రంగులోకి పాకుతుంది. అందుకే పంపేవాళ్లను ‘డాక్యుమెంట్’గా పంపమనండి. అప్పుడు ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది.

రంగుల సూచిక: అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి

పట్టిక కిందో పక్కనో చిన్న పెట్టెల్లో ఏ రంగుకు ఏ అర్థమో రాసి ఉంటుంది. చాలామంది దాన్ని చూడరు. ఎరుపు అంటే ప్రమాదం, పసుపు అంటే కొంచెం జాగ్రత్త, ఆకుపచ్చ అంటే ఫర్వాలేదు అనే అలవాటు కొద్దీ సాగిపోతారు. హెచ్చరికల పట్టికలో ఆ అలవాటు సరిగ్గానే పనిచేస్తుంది. భారత వాతావరణ శాఖ వాడే నాలుగు రంగులకు అర్థాలు ఇవి: గ్రీన్ అంటే హెచ్చరిక లేదు, ఎల్లో అంటే గమనిస్తూ ఉండాలి, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండాలి, రెడ్ అంటే చర్య తీసుకోవాలి.

అదే శాఖ వర్షపాతం లెక్కల్లో మాత్రం ఆ అలవాటు బోల్తా కొట్టిస్తుంది. సాధారణ వర్షపాతంతో పోలిస్తే ఎంత తేడా ఉందో చూపే జిల్లాల పటంలో, దాన్ని అనుసరించి తయారయ్యే పట్టికల్లో 20 నుంచి 59 శాతం లోటుకు ఎరుపు వాడతారు. 60 నుంచి 99 శాతం లోటుకు పసుపు వాడతారు. అంటే అక్కడ పసుపే ఎక్కువ కరువు. సూచిక చూడకుండా ‘పసుపు కాబట్టి కాస్త తక్కువ లోటు’ అని రాస్తే, అన్నిటికంటే వాన తక్కువ పడిన జిల్లా అక్షరాల్లోకి వచ్చేసరికి మెరుగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది.

కాబట్టి పట్టికలో ఒక్క గడి కూడా ముట్టుకోకముందు సూచికను విడిగా రాసుకోండి. సూచిక కత్తిరించి పోయిన బొమ్మ వస్తే అదే బులెటిన్ మొత్తం పేజీని `mausam.imd.gov.in` లో వెతకండి. దొరక్కపోతే పని అక్కడ ఆపాలి. సూచిక లేని రంగుకు అర్థం మనం కల్పించకూడదు.

సూచిక రాసుకునేటప్పుడే మరో ప్రశ్న వేసుకోండి: రంగు చెప్పేది పట్టికలో ఇంకెక్కడైనా అక్షరాల్లోనో అంకెల్లోనో ఉందా? వర్షపాతం పట్టికలో తేడా శాతం అంకె ఉంటుంది కాబట్టి రంగు దాని నీడే. అలాంటిచోట రంగు చదవక్కర్లేదు, అంకె నుంచే స్థాయి రాబట్టొచ్చు:

```
=IFS(B2<=-100,"వర్షం లేదు", B2<=-60,"చాలా లోటు", B2<=-20,"లోటు",
     B2<20,"సాధారణం", B2<60,"అధికం", TRUE,"చాలా అధికం")
```

ఇందులో `B2` లో -25 అని పూర్ణాంకంగా ఉండాలి. గడి శాతం రూపంలో ఉంటే లోపల అది -0.25 అవుతుంది. అప్పుడు లోటు జిల్లాలన్నీ ‘సాధారణం’ అయిపోతాయి. కాలమ్ అంతా ఒకే మాట వచ్చిందంటే ముందు ఇదే అనుమానించండి.

హెచ్చరికల పట్టికలో ఆ సౌకర్యం లేదు. అక్కడ రంగును గడిలోని మాట నుంచి రాబట్టలేం. ‘భారీ వర్షం’ అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు. అది వాన పరిమాణం మాత్రమే చెబుతుంది. రంగు మాత్రం ఆ వాన పడే అవకాశం ఎంత, పడితే అక్కడ ఎలాంటి ప్రభావం ఉంటుంది అన్నవి కూడా చూసి వేస్తారు. అందుకే ఒకే ‘భారీ వర్షం’ ఒక రోజు ఎల్లోలో, మరో రోజు ఆరెంజ్‌లో ఉండొచ్చు. ఇక్కడ రంగే అసలు సమాచారం. అది పోతే తిరిగి రాదు.

మన నమూనా పట్టిక

కింది పట్టిక పద్ధతి చూపడానికి నేను అల్లినది, నిజమైన బులెటిన్ కాదు. బొమ్మలో మూడు జిల్లాలు, మూడు రోజులు ఉన్నాయనుకుందాం. బులెటిన్ ఆగస్టు 14 నాటిది.

అల్లూరి సీతారామరాజు జిల్లా వరుసలో మొదటి రోజు ‘అతి భారీ వర్షం’ ఆరెంజ్ గడిలో, రెండో రోజు ‘అత్యంత భారీ వర్షం’ రెడ్ గడిలో, మూడో రోజు ‘భారీ వర్షం’ ఎల్లో గడిలో ఉన్నాయి. అనకాపల్లి వరుసలో మొదటి రోజు ‘భారీ వర్షం’ ఎల్లో, రెండో రోజు మళ్లీ ‘భారీ వర్షం’ కానీ ఆరెంజ్, మూడో రోజు ‘ఉరుములు, మెరుపులు’ ఎల్లో. కాకినాడ వరుసలో మొదటి రోజు ‘ఉరుములు, మెరుపులు’ ఎల్లో, రెండో రోజు ‘భారీ వర్షం’ ఎల్లో, మూడో రోజు చిన్న గీత మాత్రమే ఉన్న గ్రీన్ గడి.

గూగుల్ లెన్స్‌తో అక్షరాలు లాగితే అనకాపల్లి వరుస ఇలా వస్తుంది:

```
అనకాపల్లి | భారీ వర్షం | భారీ వర్షం | ఉరుములు, మెరుపులు
```

మొదటి రెండు రోజులకూ తేడా లేదు. మనం కాపాడాల్సింది ఆ తేడానే.

పట్టికను నిలువుగా మార్చండి

స్థాయి కాలమ్ చేర్చాలంటే ముందు ఒక చిక్కు విప్పాలి. మూడు రోజుల గడులకు మూడు రంగులున్నాయి. ఒక వరుసకు ఒకే స్థాయి కాలమ్ పెడితే ఏ రోజుది రాస్తాం? ప్రతి రోజు పక్కన ఒక్కో స్థాయి కాలమ్ పెట్టొచ్చు కానీ, అక్షరాల్లోకి వచ్చాక ఏ స్థాయి ఏ రోజుదో వెతుక్కోవాల్సి వస్తుంది. ఫోన్ చదివి వినిపిస్తుంటే మరీ కష్టం.

నా మాట వింటే, రంగు పూసిన ప్రతి గడినీ ఒక వరుస చేయండి. మూడు జిల్లాలు, మూడు రోజులు కలిసి తొమ్మిది వరుసలవుతాయి. పట్టిక పొడవు పెరుగుతుంది, ఫర్వాలేదు. ఒక్క వరుసను విడిగా తీసి ఎవరికి పంపినా దాని అర్థం దానిలోనే పూర్తిగా ఉంటుంది.

ఇలా మార్చేటప్పుడు ‘మొదటి రోజు’, ‘రెండో రోజు’ అన్న శీర్షికలను కూడా తేదీలుగా మార్చాలి. బొమ్మ పైన బులెటిన్ తేదీ ఉంటుంది కాబట్టి అక్కడ ‘మొదటి రోజు’ అంటే చాలు. విడి వరుసకు ఆ ఆధారం ఉండదు. పైగా వాతావరణ శాఖ రోజు అర్ధరాత్రి మారదు. ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30 వరకు ఒక రోజుగా లెక్క. ఆగస్టు 15 తెల్లవారుజామున మూడింటికి పడే వాన ఆగస్టు 14 గడిలోకే వస్తుంది. అందుకే మొదలు, ముగింపు రెండూ రాయడం మంచిది.

ఏ మాటలు రాయాలి

స్థాయి కాలమ్‌లో ఏం రాయాలో ముందే ఖాయం చేసుకుని, ఆ మాటలు తప్ప ఇంకొకటి రాయకూడదు. ఒకచోట ‘సిద్ధంగా ఉండాలి’, ఇంకోచోట ‘అప్రమత్తం’, మరోచోట ‘అలర్ట్’ అని రాస్తే చదివేవాళ్లు అవి మూడు వేర్వేరు స్థాయిలనుకుంటారు. తర్వాత లెక్కపెట్టడమూ కుదరదు.

రంగు పేరు ఒక్కటే రాస్తే సరిపోదు. ‘ఎల్లో’ అన్న మాట సూచిక పక్కన లేనప్పుడు ఏమీ చెప్పదు. తెలుగులో ‘పచ్చ’ అని రాస్తే ఆకుపచ్చో, పసుపుపచ్చో కూడా తేలదు. అలాగని రంగు పేరు పూర్తిగా తీసేయడం కూడా నాకు నచ్చదు. టీవీల్లో, పేపర్లలో జనం వినేది ‘ఆరెంజ్ అలర్ట్’ అనే. ఆ మాటతో మన వరుస కలవాలి. అందుకే రెండూ కలిపి ఈ నాలుగు మాటలు వాడండి:

```
గ్రీన్ - హెచ్చరిక లేదు
ఎల్లో - గమనిస్తూ ఉండాలి
ఆరెంజ్ - సిద్ధంగా ఉండాలి
రెడ్ - చర్య తీసుకోవాలి
```

వీటికి తోడు మరో రెండు మాటలు అవసరమవుతాయి. గడికి రంగే లేకపోతే ‘రంగు లేదు’ అని రాయాలి. దాన్ని ‘హెచ్చరిక లేదు’ అనకూడదు. తెల్ల గడి అంటే హెచ్చరిక లేదనో, సమాచారం రాలేదనో, పూయడం మరిచారనో కావొచ్చు. ఏ రంగో తేలని గడికి ‘సరిచూడాలి’ అని రాయండి. స్థాయి కాలమ్‌లో ఖాళీ గడి మాత్రం ఒక్కటీ మిగలకూడదు. ఖాళీ వదిలితే మనం చూసి ఏమీ లేదని తేల్చామో, అసలు చూడనే లేదో ఎవరికీ తెలియదు.

ఒకే గడిలో ‘భారీ వర్షం, ఉరుములు, మెరుపులు, ఈదురుగాలులు’ అని మూడు నాలుగు విషయాలు ఉండటం మామూలే. రంగు ఆ గడి మొత్తానికి చెందుతుంది. వాటిని విడదీసి ‘ఈదురుగాలులకు ఆరెంజ్’ అని రాయకండి. బొమ్మ అలా చెప్పలేదు.

రంగు చదవడం: కంటితో

ముప్పై నలభై గడుల వరకు కంటితో చదవడమే మేలు. కాకపోతే ఎడమనుంచి కుడికి వరుసగా చదువుకుంటూ పోవద్దు. రంగు ప్రకారం చదవండి. ముందు పట్టికంతా చూసి రెడ్ గడులే ఏరి రాయండి. తర్వాత ఆరెంజ్, ఆపైన ఎల్లో. ఒకసారికి ఒకే రంగు వెతికితే కన్ను తడబడదు. వరుసగా చదివితే పక్క గడి రంగు ప్రభావం పడుతుంది. రెడ్ పక్కన ఉన్న ఆరెంజ్ పసుపులా, ఎల్లో పక్కన ఉన్న అదే ఆరెంజ్ ఎరుపులా అనిపిస్తుంది.

ఫోన్‌లో రాత్రిపూట తెరను పసుపు చేసే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ముందు ఆపేయండి. తెల్ల గడి లేత పసుపులా కనిపించి మోసం చేసేది అదే. పట్టికను తెర మీద నుంచో, కాగితం మీద నుంచో ఫొటో తీసినదైతే మొదట తెల్లగా ఉండాల్సిన చోటు చూడండి. అది పసుపుగానో నీలంగానో ఉందంటే మిగతా రంగులన్నీ అటువైపే జరిగి ఉన్నాయని అర్థం. అలాంటి బొమ్మలో గడి రంగును మీ మనసులో ఉన్న ఆరెంజ్‌తో పోల్చకండి, అదే ఫొటోలోని సూచిక పెట్టెతో పోల్చండి.

రంగు చదవడం: అంకెలతో

ఇరవై ఆరు జిల్లాలు, ఐదు రోజులు అంటే 130 గడులు. ప్రతిరోజూ ఆ పని ఉంటే కంటి మీద ఆధారపడలేం. అప్పుడు రంగును అంకెలుగా చదవాలి. తెర మీది ప్రతి చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని 0 నుంచి 255 వరకు మూడు అంకెలుంటాయి. విండోస్‌లో పవర్‌టాయ్స్ అనే ఉచిత సాధనం పెట్టుకుని, అందులోని `Color Picker` తో గడి మీద నొక్కితే ఆ మూడు అంకెలూ కనిపిస్తాయి. మ్యాక్‌లో `Digital Color Meter` ఆ పని చేస్తుంది.

ఎక్సెల్ రంగుల పెట్టెలో ఉండే ఎల్లో అంకెలు 255, 255, 0. ఆరెంజ్ అంకెలు 255, 192, 0. తేడా అంతా మధ్య అంకెలోనే ఉంది, అదీ 63 మాత్రమే. ఎరుపుకు (255, 0, 0), ఆరెంజ్‌కు మధ్య 192 తేడా ఉంది. కాబట్టి రెడ్ గడి దాదాపు ఎప్పుడూ పొరపాటు పోదు. బొమ్మ మసకబారే కొద్దీ కలిసిపోయేవి ఎల్లో, ఆరెంజ్. ‘గమనిస్తూ ఉండాలి’కి, ‘సిద్ధంగా ఉండాలి’కి మధ్య గీత సరిగ్గా అక్కడే ఉంది కాబట్టి మీ ఓపికంతా ఆ రెండింటి మీద పెట్టండి.

గడిలో ఎక్కడ కొలవాలన్నది ముఖ్యం. నడిమధ్యలో అక్షరాలుంటాయి, అక్కడ నలుపు తగులుతుంది. అంచున గీత రంగు, పక్క గడి రంగు పాకి ఉంటాయి. గీతకు కనీసం ఐదారు పిక్సెళ్లు లోపలికి, అక్షరాలు లేని మూల ఎంచుకోండి. ఒక్క చుక్కను నమ్మకుండా ఆరు పిక్సెళ్ల చదరం తీసుకుని దాని మధ్యస్థం చూడండి. ఒకటి రెండు నల్ల చుక్కలు పడినా మధ్యస్థం చెదరదు, సగటు చెదురుతుంది.

పైథాన్ కొద్దిగా తెలిసినవారికి ఈ చిన్న ప్రోగ్రామ్ చాలు. `Pillow` ఒక్కటి పెట్టుకోవాలి.

```python
from PIL import Image
from statistics import median

img = Image.open("table.png").convert("RGB")

def patch(x, y, n=6):
    px = [img.getpixel((x+i, y+j)) for i in range(n) for j in range(n)]
    return tuple(median(c) for c in zip(*px))

def status(rgb, legend):
    d = sorted((sum((a-b)**2 for a, b in zip(rgb, col))**0.5, name)
               for name, col in legend.items())
    return "సరిచూడాలి" if d[0][0]*2 > d[1][0] else d[0][1]
```

దీన్ని వాడేటప్పుడు సూచిక రంగులను మనం టైప్ చేయకుండా అదే బొమ్మలోని సూచిక పెట్టెల నుంచి తీసుకుంటాం:

```python
legend = {"గ్రీన్": patch(40, 610), "ఎల్లో": patch(40, 640),
          "ఆరెంజ్": patch(40, 670), "రెడ్": patch(40, 700),
          "రంగు లేదు": patch(10, 10)}
print(status(patch(212, 143), legend))
```

బ్రాకెట్లలో ఉన్నవి పిక్సెల్ స్థానాలు. బొమ్మను విండోస్ పెయింట్‌లో తెరిచి మౌస్ పెడితే కింద ఆ అంకెలు కనిపిస్తాయి. మీ బొమ్మకు తగ్గవి మీరు పెట్టుకోవాలి. ‘రంగు లేదు’ కోసం పట్టిక బయటి తెల్ల చోటు ఒకటి చూపాం. సూచికను అదే బొమ్మ నుంచి తీసుకోవడంలో లాభం ఏమిటంటే, బొమ్మ మొత్తం వెలిసినా పసుపెక్కినా సూచిక కూడా అంతే మారి ఉంటుంది, పోలిక చెడదు. ఫొటోలో ఒకవైపు నీడ పడితే మాత్రం ఈ లాభం ఉండదు.

ప్రోగ్రామ్ చివరి వరుసలో ఒక జాగ్రత్త ఉంది. దగ్గరి రంగు ఎంత దూరంలో ఉందో, దాని తర్వాతి రంగు అంతకు కనీసం రెట్టింపు దూరంలో ఉంటేనే ప్రోగ్రామ్ జవాబు చెబుతుంది. ఉదాహరణకు గడి అంకెలు 253, 196, 9 అనుకోండి. ఆరెంజ్‌కు దూరం సుమారు 10, ఎల్లోకు సుమారు 60. సందేహం లేదు, ఆరెంజ్. ఇంకో గడిలో 251, 219, 18 వచ్చాయి. ఆరెంజ్‌కు దూరం సుమారు 33, ఎల్లోకు సుమారు 40. దగ్గరిది ఆరెంజే అయినా ఆ మాట నమ్మదగ్గది కాదు, ‘సరిచూడాలి’ అని వస్తుంది. ఆ గడిని అసలు బులెటిన్‌లో చూసి మనిషే తేల్చాలి. పెద్ద స్థాయి వేసేస్తే పోలా అనిపిస్తుంది కానీ, శాఖ ఇవ్వని ఆరెంజ్‌ను మనం ఇవ్వకూడదు. ఇచ్చిన ఆరెంజ్‌ను తగ్గించకూడదు.

‘సరిచూడాలి’ అన్నవి పట్టికలో అక్కడక్కడా వస్తే అది బొమ్మ మసక. ఒక వరుస మొత్తమో, ఒక కాలమ్ మొత్తమో అలా వస్తే మీరిచ్చిన స్థానాలు జరిగి గీతల మీదో, అక్షరాల మీదో పడుతున్నాయని అర్థం.

తేలిన పట్టిక

మన నమూనాలో అనకాపల్లి ఇప్పుడిలా ఉంటుంది:

```
జిల్లా,మొదలు,ముగింపు,హెచ్చరిక,స్థాయి
అనకాపల్లి,14 ఆగస్టు 8.30,15 ఆగస్టు 8.30,భారీ వర్షం,ఎల్లో - గమనిస్తూ ఉండాలి
అనకాపల్లి,15 ఆగస్టు 8.30,16 ఆగస్టు 8.30,భారీ వర్షం,ఆరెంజ్ - సిద్ధంగా ఉండాలి
అనకాపల్లి,16 ఆగస్టు 8.30,17 ఆగస్టు 8.30,"ఉరుములు, మెరుపులు",ఎల్లో - గమనిస్తూ ఉండాలి
```

చివరి వరుసలో ‘ఉరుములు, మెరుపులు’ చుట్టూ కోట్స్ ఎందుకున్నాయో గమనించండి. అవి లేకపోతే లోపలి కామా దగ్గర గడి రెండుగా తెగుతుంది. అప్పుడు స్థాయి కాలమ్‌లోకి ‘మెరుపులు’ వచ్చి కూర్చుంటుంది, అసలు స్థాయి పేరులేని ఆరో కాలమ్‌లోకి పోతుంది. ఎక్సెల్ నుంచి సేవ్ చేసేటప్పుడు `CSV UTF-8` ఎంచుకోండి. మామూలు `CSV` ఎంచుకుంటే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోవచ్చు.

సరిచూసుకోవడం

మొదటి పరీక్ష లెక్క. బొమ్మలో రంగు రంగుకు గడులు ఎన్నో కంటితో లెక్కపెట్టి కాగితం మీద రాయండి. మన నమూనాలో రెడ్ 1, ఆరెంజ్ 2, ఎల్లో 5, గ్రీన్ 1, మొత్తం 9. షీట్‌లో ఇలా అడగండి:

```
=COUNTIF(E2:E10,"ఆరెంజ్*")
```

2 రావాలి. నాలుగు రంగులకూ సరిపోతే చాలావరకు నిశ్చింత. అయితే రెండు గడుల స్థాయిలు అటుదిటు అయితే లెక్క సరిపోతూనే ఉంటుంది, తప్పు దాక్కుంటుంది. అందుకే రెండో పరీక్ష.

రెండో పరీక్షలో అక్షరాల నుంచి రంగులు తిరిగి పూస్తాం. బొమ్మలో ఉన్నట్టే జిల్లాలు నిలువుగా, రోజులు అడ్డంగా ఒక షీట్‌లో స్థాయిలు పేర్చండి. గూగుల్ షీట్స్‌లో `Conditional formatting` తెరిచి, `Text starts with` ఎంచుకుని, ‘రెడ్’తో మొదలైతే ఎరుపు, ‘ఆరెంజ్’తో మొదలైతే ఆరెంజ్ అని నాలుగు షరతులు పెట్టండి. ఇప్పుడు దాన్ని బొమ్మ పక్కన పెట్టి చూడండి. రెండూ ఒకేలా ఉండాలి. ఒక్క గడి తేడా ఉన్నా వెంటనే కంట్లో పడుతుంది. అక్షరాలు చదివి సరిపోల్చడం కంటే ఇది ఎంతో త్వరగా అయిపోతుంది, నాకైతే అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ఇదే.

ఈ రెండూ చేయడానికి వీల్లేనంత తొందర ఉంటే కనీసం రెడ్, ఆరెంజ్ గడులనైనా ఇద్దరు కలిసి చూడండి. ఒకరు బొమ్మ చూసి జిల్లా, రోజు, రంగు పైకి చదవాలి, మరొకరు అక్షరాల్లో వెతికి అవుననాలి.

పంపేటప్పుడు

సీఎస్వీ కంప్యూటర్లకు బాగుంటుంది. మనుషులకు పంపేది వాట్సాప్‌లోనైతే ఖాళీలు పెట్టి కాలమ్‌లు వరసగా నిలబెట్టే ప్రయత్నం మానండి. తెలుగు అక్షరాల వెడల్పు ఒకేలా ఉండదు కాబట్టి ప్రతి ఫోన్‌లోనూ చెదిరిపోతుంది. ఒక్కో వరుసను ఒక వాక్యంలా, స్థాయి ముందు వచ్చేలా రాయండి:

```
ఆరెంజ్ - సిద్ధంగా ఉండాలి: అనకాపల్లి, ఆగస్టు 15 ఉదయం 8.30 నుంచి
16 ఉదయం 8.30 వరకు, భారీ వర్షం.
```

రంగు గుండ్రాల ఎమోజీలు పక్కన పెట్టుకోవచ్చు కానీ మాటకు బదులుగా వద్దు. పాత ఫోన్లలో అవి ఖాళీ డబ్బాలుగా కనిపిస్తాయి.

ఎస్సెమ్మెస్ అయితే చోటు తక్కువ. తెలుగులో ఒక ఎస్సెమ్మెస్‌కు 70 అక్షరాలే, అందులో గుణింతపు గుర్తులు, వత్తులు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. అది దాటితే ఒక్కో భాగానికి 67 చొప్పున ముక్కలవుతుంది, ఒక్కోసారి రెండో ముక్క ఆలస్యంగా చేరుతుంది. కాబట్టి ఎస్సెమ్మెస్‌లో స్థాయి, జిల్లా, తేదీ మొదటి ముక్కలోనే వచ్చేయాలి. వాన ఏ రకమన్నది తర్వాతి ముక్కలోకి వెళ్లినా నష్టం తక్కువ.

సందేశం పైన బులెటిన్ ఏ తేదీ, ఏ సమయంలో వచ్చిందో, స్థాయిలు అందులోని గడుల రంగు చూసి రాసినవని ఒక వరుస పెట్టండి. వాతావరణ శాఖ బులెటిన్లను రోజులో ఒకటి కంటే ఎక్కువసార్లు మారుస్తుంది. పొద్దున ఎల్లో అయిన గడి సాయంత్రానికి ఆరెంజ్ కావొచ్చు. రెండు సందేశాలూ ఒకే గ్రూపులో ఉంటే ఏది తర్వాతిదో తేల్చేది ఆ సమయం ఒక్కటే. కొత్త బులెటిన్ వచ్చినప్పుడు పాత షీట్‌లో దిద్దకుండా కొత్త షీట్‌లో మళ్లీ మొదటినుంచి చదవండి. దిద్దుతూ పోతే మారిన గడి ఒకటి కన్నుగప్పి పాత స్థాయితోనే మిగిలిపోతుంది, అలాంటిది లెక్కల పరీక్షలోనూ బయటపడకపోవచ్చు.